పెళ్లిలో పరిచయమైన అబ్బాయికి ఉత్తరం: మాటలు కొనసాగిద్దామని అడగడం ఎలా?

ముహూర్తాలు మొదలైతే చాలు, అమ్మాయిలు నన్ను ఇదే అడుగుతారు. అక్కా, పెళ్లిలో ఒకబ్బాయితో పావుగంట మాట్లాడాను, బాగా అనిపించింది, ఇంకా మాట్లాడాలని ఉంది, ఎలా రాయాలి? మొన్న వైశాఖంలో ముగ్గురు అడిగారు, వాళ్లలో ఒకరు మా పిన్ని కూతురే. విడివిడిగా చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్నాను కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. మా పిన్ని కూతురు ఒప్పుకుంది, అందుకని తన ఉత్తరాన్నే ఉదాహరణగా తీసుకుంటాను, పేర్లు మాత్రం రాయను.

ముందే ఒక సంగతి. మన గోదావరి జిల్లాల్లో పెళ్లిలో పెళ్లికాని అమ్మాయి, అబ్బాయి ఓ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటే చాలు, చూసినవాళ్లకి సంబంధం గుర్తొస్తుంది. మీ ఉత్తరం చదివే అబ్బాయికీ అదే గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు రాయించారా, ఈ అమ్మాయి పెళ్లి దాకా వెళ్లిపోయిందా, లేక ఊరికే స్నేహమా అన్నది అతనికి తెలియక ఫోను పక్కన పెట్టేస్తాడు. ఈ ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే. కాబట్టి మీరు ఏం అడుగుతున్నారో, ఏం అడగడం లేదో రెండూ ఉత్తరంలో కనిపించాలి. కింద చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కావలసినవి

- అతని పేరు సరిగ్గా, ఇంటిపేరుతో సహా. పెళ్లిలో అందరూ పిలిచే ముద్దుపేరు పనికిరాదు.
- మీ ఇద్దరి మధ్య నిజంగా జరిగిన ఒక మాట. ముఖ్యంగా సగంలో ఆగిపోయిన మాట ఉంటే ఇంకా మంచిది.
- రెండు వైపులా తెలిసిన, నోరు జారని ఒక మనిషి. ఎక్కువగా పెళ్లికూతురే.
- ఒక తెల్లకాగితం. పోస్టులో పంపేటట్లయితే కవరు.
- ఒక రాత్రి గడువు. రాసిన రోజే పంపకూడదు.

1. ముందు వరస, తర్వాత అతని సంగతి కనుక్కోండి

వరస అంటే నవ్వకండి. పెళ్లిలో కలిసినవాడంటే ఎక్కడో ఒకచోట చుట్టం అయ్యే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా ఆ పెళ్లి మీ చుట్టాలదైతే. మీ నాన్నగారి అన్నదమ్ముల పిల్లలు, మీ అమ్మగారి అక్కచెల్లెళ్ల పిల్లలు మీకు అన్నదమ్ముల వరస, అది రెండు మూడు తరాల దూరపు చుట్టరికంలో కూడా లెక్కకొస్తుంది. మేనత్త, మేనమామ వైపు వస్తే బావ వరస. ఇంట్లో గోత్రాలు పట్టించుకునేవాళ్లైతే అదీ చూస్తారు. అన్న వరస అని తేలితే ఉత్తరం రాయకూడదని కాదు, కానీ అప్పుడది చుట్టాలబ్బాయిని పలకరించే ఉత్తరం అవుతుంది, ఇప్పుడు నేను చెప్పబోయే పద్ధతిలో రాసి తర్వాత వరస తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది. బావ వరస అయితే ఇంకో చిక్కు, మనవాళ్లు వేళాకోళం మొదలుపెట్టేస్తారు, కాబట్టి విషయం ఇంకా గుట్టుగా ఉంచాలి.

ఇక అతనికి పెళ్లయిందా, కుదిరిందా, ఇంకెవరైనా ఉన్నారా. దీనికి పెళ్లికూతుర్ని సూటిగా అడగడమే మేలు. మీ వాళ్లలో ఫలానా అతను ఎలాంటి మనిషి, ఏం చేస్తాడు, ఎక్కడుంటాడు అని తిప్పి తిప్పి అడిగితే ఆమెకి తెలిసిపోతుంది, తెలిశాక పదిమందికి చెప్పే వీలుంటుంది. అదే నేరుగా, అతనికి ఎక్కడైనా కుదిరిందా, నేను ఒకసారి మాట్లాడాలనుకుంటున్నాను, నీ దగ్గరే ఉంచు అంటే, నమ్మి చెప్పినందుకైనా దాచుకుంటుంది. మా చెల్లి ఇలాగే అడిగింది. పెళ్లికూతురు తన క్లాస్‌మేట్, అబ్బాయి పెళ్లికూతురికి పెదనాన్న కొడుకు, ఎక్కడా కుదరలేదు, వరస గొడవ లేదు. రెండు నిమిషాల్లో తేలిపోయింది.

2. ఎప్పుడు పంపాలో చూసుకోండి

పెళ్లి మర్నాడు వద్దు. ఆడపెళ్లివారి తరఫు మనిషైతే పందిరి విప్పించడం, వంటసామాను తిరిగిచ్చేయడం, సత్యనారాయణ వ్రతం, చుట్టాల్ని బస్సులెక్కించడం, ఇలా అతనికి నాలుగు రోజులు తీరిక ఉండదు. నెల దాటితే మీరెవరో గుర్తుండదు. అయిదు రోజుల నుంచి పది రోజుల లోపు సరిగ్గా ఉంటుంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది పదహార్రోజుల పండగ. మీరిద్దరూ దానికి వెళ్లేవాళ్లైతే, ఉత్తరం వెళ్లి జవాబు రాకుండానే ఎదురుపడితే ఇద్దరికీ టెన్షన్. అలా ఉంటే ఉత్తరం ఆపి, ఆ రోజు మనిషితోనే ఒక మాట అడిగేయండి. అక్కడ కలిసే అవకాశం లేకపోతేనే ఉత్తరం.

3. దేనిలో పంపాలి

అతను తన నంబరు తానే ఇచ్చి ఉంటే వాట్సాప్ చాలు. పెళ్లి ఫోటోల గ్రూపులోంచి నంబరు తీసుకుని పంపడం నాకు నచ్చదు, ఎందుకంటే అతను ఆ నంబరు పెట్టింది ఫోటోల కోసం. అలా ఎవరైనా మగవాడు మీకు పంపితే మీకెలా ఉంటుందో అతనికీ అలాగే ఉండొచ్చు. పెళ్లికూతురితో, నీ నంబరు ఇవ్వనా, ఆ అమ్మాయి ఒక మాట రాస్తానంది అని అతన్ని అడిగించండి. అతను సరే అంటే సగం పని అయినట్టే, వద్దంటే ఉత్తరం రాసే శ్రమే తప్పుతుంది.

వాట్సాప్ అయితే ఒక్క మెసేజ్‌గా పంపండి, పన్నెండు ముక్కలుగా కాదు. వాయిస్ మెసేజ్ వద్దు, అతను నలుగురిలో ఉన్నప్పుడు నొక్కితే మీ గొంతు నలుగురూ వింటారు. రాత్రి తొమ్మిది దాటాక పంపకండి. పంపి చెరిపేయడం అన్నిటికన్నా చెడ్డది, చెరిపేసినట్టు అక్కడ కనిపిస్తూనే ఉంటుంది, ఏం రాసి ఉంటుందో అని అతను ఊహించుకుంటాడు.

కాగితం మీద రాయాలని ఉంటే, రాయండి, బాగుంటుంది, కానీ చిరునామా విషయంలో జాగ్రత్త. ఇంటికి పంపితే ముందు చదివేది వాళ్లమ్మగారో వదినగారో అవుతుంది. మన ఊళ్లలో పోస్టుమ్యాన్ కవరు ఇస్తూ ఎవరి దగ్గర్నుంచో కూడా చెబుతాడు. అతను వేరే ఊళ్లో ఒక్కడే ఉంటుంటే ఆ గదికి పంపండి. ఆఫీసుకి పంపాలంటే కవరు మీద అతని పేరు పైన, ఆఫీసు పేరు కింద రాయండి. అయినా సరే, కొన్ని ఆఫీసుల్లో కవర్లన్నీ ఒకరే చింపుతారని గుర్తుంచుకోండి. పిన్‌కోడు తప్పు రాస్తే ఉత్తరం తిరిగి తిరిగి వస్తుంది. భీమవరం, పాలకొల్లు వైపు 534తో, కోనసీమ, కాకినాడ వైపు 533తో మొదలవుతాయి, మిగతా మూడు అంకెలు కనుక్కుని వేయండి.

స్పీడ్‌పోస్టు వద్దు. అందిందో లేదో తెలుస్తుంది నిజమే, కానీ సంతకం పెట్టించుకుని ఇస్తారు కాబట్టి ఇంట్లో ఎవరు తీసుకున్నా ఏదో కోర్టు నోటీసు వచ్చినట్టు చుట్టూ చేరతారు. మామూలు కవరు మీద అయిదు రూపాయల స్టాంపు చాలు, 20 గ్రాముల దాకా వెళ్తుంది, మీరు రాయాల్సింది ఒక్క కాగితమే. పంపినవారి చిరునామా మాత్రం ఆలోచించి రాయండి, అతను అక్కడ లేకపోతే ఆ కవరు తిరిగొచ్చేది ఆ చిరునామాకే. మీ ఇంటికి తిరిగొస్తే మీ నాన్నగారి చేతిలో పడుతుంది. హాస్టల్లో ఉంటే హాస్టలు చిరునామా, లేదా అడిగి స్నేహితురాలి చిరునామా వేయండి.

మనిషి చేతికిచ్చి పంపడం మాత్రం చేయకండి. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం పాలకొల్లు దగ్గర ఒక పెళ్లిలో పరిచయమైన అతనికి నేను నాలుగు పేజీలు రాసి, చుట్టాలబ్బాయి ఒకడు అటు వెళ్తున్నాడని అతని చేతికిచ్చాను. దారిలో విప్పారు. ఉత్తరం చేరే లోపు అందులో మాటలు మా వీధికి వచ్చేశాయి. మా అమ్మ రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అతను అసలు ఉత్తరమే చూడలేదు. ఆ నాలుగు పేజీలు ఒక్క పేజీగా, అతనికి ఒక్కడికే చేరి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు.

4. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరో గుర్తుపట్టేలా రాయండి

అతను ఆ రోజు నాలుగువందల మందిని చూశాడు. "నన్ను గుర్తుపట్టారా?" అని మొదలుపెడితే అతనికి పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. ఏ ఊరి పెళ్లి, ఏ పూట, ఎక్కడ, ఏ పని జరుగుతుండగా, ఇవి రాయండి. అందచందాలు, నగలు వద్దు. ఏదో ఒక గుర్తు, చీర రంగో, చేతిలో ఉన్న చంటిపిల్లో, చాలు.

పిలుపు దగ్గరే చాలామంది తడబడతారు. "ప్రియమైన" అని రాస్తే అది ప్రేమలేఖ అయిపోయింది, తర్వాత మీరు ఏం రాసినా అతను అలాగే చదువుతాడు. "డియర్" కూడా అంతే. "సర్" అంటే సెలవు చీటీ. పేరు రాసి "గారికి" అని పెట్టి, కింద "నమస్కారం అండి" అంటే చాలు. పెళ్లిలో మీరిద్దరూ నవ్వుకుంటూ నువ్వు అని మాట్లాడుకున్నా సరే, కాగితం మీద మీరు అనే రాయండి, నువ్వులోకి రావడానికి తర్వాత బోలెడు సమయం ఉంది. అయితే ప్రతి వాక్యం చివరా అండి తగిలించకండి. మనకి నోట్లో అది మామూలే గానీ, కాగితం మీద వరుసగా పది అండీలు కనిపిస్తే ఏదో భయపడుతూ రాసినట్టు ఉంటుంది.

5. సగంలో ఆగిన మాట ఎత్తుకోండి

ఉత్తరానికి ప్రాణం ఇదే. మీతో మాట్లాడడం బాగుంది అని ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు. కానీ అతను చెప్పిన ఒక మాటని మీరు సరిగ్గా విని, గుర్తుపెట్టుకుని, దాని మిగతా సగం అడిగితే, అది మీరు తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం.

మా చెల్లికి ఇలా జరిగింది. అబ్బాయి భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాడు. పెళ్లి ముక్తేశ్వరంలో. రెండో బంతిలో అతను పనసపొట్టు కూర వడ్డిస్తున్నాడు, మా చెల్లి చాలంది, అతను ఇంకో గరిటె వేశాడు. భోజనాలయ్యాక కొబ్బరిచెట్టు కింద కుర్చీలేసుకుని మాట్లాడుకున్నారు. రాత్రంతా చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారని ఇది అడిగింది. పగలు నీళ్లలో ఉండే నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్ వాడేసుకుంటాయి, తెల్లవారుజాముకి బాగా తగ్గిపోతుంది, ఆ వేళ కరెంటు పోతే రొయ్యలు పైకి తేలి గట్ల వైపు వచ్చేస్తాయి అని చెప్పాడు. ఒకసారి ఒక రైతు చెరువు దగ్గర ఏమైందంటే అని మొదలుపెట్టాడు, అంతలో పెళ్లికూతురి గంప పట్టాలి రమ్మని కేకేశారు. వెళ్లిపోయాడు. ఆ తర్వాత తలంబ్రాలు, హడావుడి, మళ్లీ మాట్లాడుకోలేదు.

తన మొదటి ఉత్తరంలో ఈ చెరువు సంగతే లేదు. మీ మాట తీరు నాకు చాలా నచ్చింది, మీలాంటివాళ్లు అరుదు అని రాసింది. ఈ వాక్యాలు ఎవరికైనా పంపొచ్చు కదా అని నేను కొట్టేయించాను. నీకు నిజంగా ఏం తెలుసుకోవాలని ఉందే అంటే, ఆ రైతు చెరువు ఏమైందో అంది. అదే రాయమన్నాను.

ఆగిపోయిన మాట లేకపోతే? అప్పుడు అతను చెప్పినదాంట్లోంచి ఒక ప్రశ్న వేయండి, ఒక్కటే. అతని పని గురించో, ఊరి గురించో, అతను తినమన్న ఏదో వంటకం గురించో. జీతం ఎంత, ఎంతమంది అన్నదమ్ములు, సొంత ఇల్లేనా, ఇలాంటివి వద్దు, అవి పెళ్లిచూపుల్లో అడిగేవి.

6. ఏం అడుగుతున్నారో ఒక్క వాక్యంలో, ఏం అడగడం లేదో ఇంకో వాక్యంలో

అప్పుడప్పుడు మాట్లాడుకుంటూ ఉందామా, అని సూటిగా రాయండి. టచ్‌లో ఉందాం అంటే ఏదీ అడగనట్టే, అతను సరే అనేసి ఊరుకుంటాడు. దాని పక్కనే ఇది సంబంధం మాట కాదు, ఇంట్లోవాళ్లు రాయించింది కాదు అని చెప్పండి.

కానీ అబద్ధం రాయకండి. మీ మనసులో పెళ్లి ఆలోచన నిజంగా ఉంటే, కాదని రాస్తే రేపు మీరే ఇరుక్కుంటారు. అలాంటప్పుడు, "ముందుముందు ఏమవుతుందో నాకు తెలియదు, ముందు మాట్లాడుకుని చూద్దామని ఉంది" అని రాయండి. స్నేహమే కావాలంటే "స్నేహంగా" అన్న మాటే వాడండి. మూడింట్లో ఏది నిజమో మీకే తెలియకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగి రాయండి.

7. చిన్న పని, ఒక వేళ, తప్పుకునే దారి

ఎప్పుడైనా ఫోన్ చేయండి అంటే ఎప్పుడూ చేయరు. రోజు, వేళ చెప్పండి, అదీ అతని పనిని బట్టి. చెరువుల పనివాళ్లు తెల్లవారుజామునే లేస్తారు, రాత్రి తొమ్మిదికి ఫోన్ అంటే కుదరదు. అందుకే మా చెల్లి ఆదివారం సాయంత్రం అని రాసింది. కలుద్దాం అని మొదటి ఉత్తరంలో అడగకండి. అమలాపురం నుంచి భీమవరం వెళ్లాలంటే రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా సగం పూట ప్రయాణం, అంత దూరం వచ్చి కలవమంటే చిన్న మాట పెద్దదైపోతుంది.

ఇష్టం లేకపోతే జవాబు రాయనక్కరలేదని కూడా రాయండి. ఇది తక్కువ చేసుకోవడం కాదు. మన చుట్టరికాల్లో కాదని చెప్పడం మగవాళ్లకీ కష్టమే, పెళ్లికూతురు ఏమనుకుంటుందో, వీళ్లింట్లో ఏమనుకుంటారో అని నలిగిపోతారు. ఆ బరువు తీసేస్తే వచ్చే జవాబు నిజమైనదై ఉంటుంది.

చివర "ఇట్లు" అని రాసి పేరు పెట్టండి. పేరు ముందు "మీ" వద్దు. ఆ ఒక్క అక్షరం చూసి ఉత్తరమంతా ఇంకోలా అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు.

మా చెల్లి పంపిన ఉత్తరం

> ____ గారికి,
>
> నమస్కారం అండి. ముక్తేశ్వరంలో మొన్న గురువారం జరిగిన పెళ్లిలో, రెండో బంతిలో, పనసపొట్టు కూర చాలన్నా మీరు ఇంకో గరిటె వేసిన ఆకుపచ్చ చీర అమ్మాయిని నేను. పెళ్లికూతురు, నేను కలిసి చదువుకున్నాం. అమలాపురంలో స్కూల్లో లెక్కలు చెబుతాను. మీ చిరునామా తనే ఇచ్చింది, మిమ్మల్ని అడిగాకే ఇచ్చానంది.
>
> భోజనాలయ్యాక కొబ్బరిచెట్టు కింద మాట్లాడుకున్నాం కదా. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని, ఆ వేళ కరెంటు పోతే రొయ్యలు గట్ల వైపు వచ్చేస్తాయని చెప్పారు. ఒక రైతు చెరువు దగ్గర ఏమైందంటే అని మొదలుపెట్టారు, ఇంతలో గంప పట్టడానికి పిలిచారు. ఆ చెరువు ఏమైందో నాకు ఇంకా తెలియలేదు.
>
> మీతో మాట్లాడడం నాకు నచ్చింది. అప్పుడప్పుడు మాట్లాడుకుంటూ ఉందామా అని అడగడానికే ఈ ఉత్తరం. ఇది సంబంధం మాట కాదు, మా ఇంట్లోవాళ్లు రాయించింది కూడా కాదు. మిమ్మల్ని ఇంకొంచెం తెలుసుకోవాలని నాకే అనిపించింది.
>
> కుదిరితే ఏదో ఒక ఆదివారం సాయంత్రం అయిదు, ఆరు మధ్య ఫోన్ చేయండి. నంబరు కింద రాశాను. మీకు ఇష్టం లేకపోయినా, మీ జీవితంలో ఇంకెవరైనా ఉన్నా జవాబు రాయనక్కరలేదు. నేను మళ్లీ రాయను, ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తను. ఇంకెక్కడైనా కనిపిస్తే మామూలుగానే పలకరిస్తాను.
>
> ఇట్లు,
> ____

చూడండి, కాగితం ఒక వైపే నిండింది. తన మొదటి ఉత్తరం మూడు పేజీలు ఉండేది.

ఎక్కువగా చేసే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసేది "తప్పుగా అనుకోకండి" అన్న మాట. మా చెల్లి మూడుసార్లు రాసింది. చదివేవాడికి అప్పటిదాకా ఏ తప్పూ కనిపించదు, మీరు అన్నాకే ఇందులో ఏదో తప్పుందేమో అని వెతుకుతాడు. అమ్మాయినై ఉండి రాస్తున్నాను, నా గురించి ఏమనుకుంటారో, ఇలా రాయడం ఇదే మొదటిసారి, ఇవన్నీ దాని చుట్టాలే. అన్నీ తీసేయండి. మీరు చేస్తున్నది మాట్లాడుకుందామా అని అడగడం, దానికి క్షమాపణ అక్కర్లేదు.

రెండోది బరువు. చూసిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు అని రాస్తే, నిజమే కావచ్చు, కానీ పావుగంట పరిచయానికి అతను మోయలేడు. సినిమా పాటల ముక్కలు కూడా ఇలాగే, మీ మాట కానిదేదీ వద్దు.

ఇంకోటి, ఉత్తరంతో ఫోటో పంపడం. వద్దు. మీరెలా ఉంటారో అతను చూశాడు, ఆ ఫోటో రేపు ఎవరి ఫోన్లోకి వెళ్తుందో మీ చేతుల్లో ఉండదు. ఇంటి చిరునామా కూడా ఉత్తరంలో రాయనక్కర్లేదు, ఊరు చాలు.

పంపేముందు ఎలా సరిచూసుకోవాలి

ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున్న పైకి చదవండి, లోపల కాదు, గొంతుతో. ఎక్కడ మీ నోరు తడబడుతుందో అక్కడ వాక్యం మార్చండి. తర్వాత ఇదే ఉత్తరం మీ నాన్నగారి చేతిలో, వాళ్లమ్మగారి చేతిలో పడిందనుకుని ఇంకోసారి చదవండి. కొంచెం ఇబ్బంది పడితే ఫర్వాలేదు, కానీ తలెత్తుకోలేని వాక్యం ఏదైనా ఉంటే అది తీసేయాలి. చివరగా, అతని పేరు చెరిపి ఇంకెవరి పేరైనా పెట్టి చూడండి. ఉత్తరం అప్పుడూ సరిపోతుంటే అయిదో మెట్టు మీరు చేయలేదని అర్థం.

ఇంట్లో ఒక్కరికైనా, అక్కకో వదినకో, రాశానని చెప్పి ఉంచండి. ఎందుకంటే కొన్నిసార్లు జవాబు అబ్బాయి నుంచి కాకుండా వాళ్లమ్మగారి నుంచి మీ అమ్మగారికి వస్తుంది, మీ అమ్మాయి రాసిందట కదా, మరి మాట్లాడుకుందామా అని. అలా వస్తే కంగారు పడకండి, ఉత్తరంలో ఉన్నదే చెప్పండి, ముందు మేమిద్దరం మాట్లాడుకుంటాం అని. ఇంట్లో ఒకరికి ముందే తెలిసి ఉంటే ఆ రోజు మీ పక్కన ఒక మనిషి ఉంటారు.

జవాబుని ఎలా చదవాలి

మీరు అడిగిన సంగతికి జవాబు చెప్పి, తిరిగి మిమ్మల్ని ఏదైనా అడిగితే, అతనికీ మాట్లాడాలని ఉంది. చెప్పిన వేళకే ఫోన్ చేసినా అంతే. "థాంక్స్ అండి, తప్పకుండా" అని మాత్రమే వచ్చి, ఏ ప్రశ్నా లేకపోతే అది మర్యాదగా కాదనడం, దాన్ని అక్కడితో వదిలేయండి, ఇంకోలా అర్థం చేసుకోవాలని చూడకండి. అర్ధరాత్రి మెసేజ్‌లు, ఫోటో పంపమనడం, వెంటనే ఒంటరిగా కలుద్దామనడం మొదలైతే జవాబివ్వకండి, పెళ్లికూతురికి చెప్పండి.

ఏమీ రాకపోతే మూడు ఆదివారాలు చూడండి. మామూలు పోస్టు ఆలస్యం కావచ్చు, పోనూ వచ్చు, అందిందో లేదో పెళ్లికూతురి ద్వారా ఒక్కసారి కనుక్కోవచ్చు. అందిందంటే ఇక అంతే, రెండో ఉత్తరం రాయకండి. మళ్లీ రాయనని మొదటి ఉత్తరంలో మీరే మాటిచ్చారు.

ఫోన్ వస్తే మొదటిసారి ఇరవై నిమిషాల్లో ముగించండి, మాట బాగా సాగుతున్నా సరే, పెట్టేసేముందు మళ్లీ ఎప్పుడో అనుకుని పెట్టేయండి.

మా చెల్లికి మొదటి ఆదివారం రాలేదు. రెండో ఆదివారం అయిదుంబావుకి వచ్చింది, ఉత్తరం శుక్రవారమే చేతికందిందట. నమస్కారం అండి అన్నాక అతను మొదట చెప్పింది ఆ చెరువు సంగతే. కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ లేదు, పక్క చెరువు కాపలా అతను రెండు క్యాన్లు మోసుకొచ్చి పోశాడు, ఏరేటర్లు తిరిగేసరికి తెల్లారిపోయింది, సగం రొయ్య దక్కింది. ఆ పక్క చెరువు అతనికీ ఈ రైతుకీ అంతకుముందు రెండేళ్లుగా గట్టు తగాదాతో మాటల్లేవట.

అదేంటో వచ్చే ఆదివారం చెబుతానన్నాడు.